విన్నవి కాదు, పలికినవే పంపాలి: డీపీ-3టీ డిజైన్ పత్రం చెప్పే సంగతులు

సాఫ్ట్‌వేర్ డిజైన్ పత్రం అంటే ఒక వ్యవస్థను కట్టే ముందు అది ఎలా ఉండాలో తేల్చుకుని రాసిపెట్టుకునే పత్రం. అందులో ఏయే భాగాలు ఉంటాయి, సమాచారం ఎక్కడ పుట్టి ఏ దారిన ఎక్కడికి వెళుతుంది, ఇదే పనికి ఉన్న వేరే దారులను ఎందుకు వదిలేశారు అన్న మూడు విషయాలు ముఖ్యంగా ఉంటాయి. మొదటి రెండింటినీ తర్వాత కోడ్ చదివి కూడా తెలుసుకోవచ్చు. మూడోది మాత్రం పత్రంలో తప్ప ఇంకెక్కడా దొరకదు. వద్దనుకున్న దారికి కోడ్ ఉండదు కదా.

ఇలాంటి పత్రాలు ఎక్కువగా కంపెనీల లోపలే ఉండిపోతాయి. 2020 ఏప్రిల్ తొలి రోజుల్లో ఒకటి మాత్రం అందరూ చదివేలా బయటికి వచ్చింది. కోవిడ్ సోకినవారి దగ్గర్లో మెలిగినవారిని ఫోను ద్వారా హెచ్చరించే వ్యవస్థ కోసం స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్, ఈటీహెచ్ జ్యూరిక్‌లతో పాటు మరికొన్ని ఐరోపా విశ్వవిద్యాలయాల పరిశోధకులు దాన్ని రాశారు. ఈపీఎఫ్ఎల్‌కు చెందిన కార్మెలా ట్రోంకోసో ఆ బృందానికి ముందు నిలిచారు. వ్యవస్థ పేరు డీపీ-3టీ. పత్రాన్ని గిట్‌హబ్‌లో పెట్టి, వచ్చిన విమర్శలను బట్టి తర్వాతి వారాల్లో సవరించారు. దాదాపు అదే సమయంలో, ఏప్రిల్ 2న, భారత ప్రభుత్వం ఆరోగ్య సేతు యాప్‌ను విడుదల చేసింది. రెండూ ఒకే సమస్యకు జవాబులే అయినా కట్టుబడి వేరు.

సమస్య ఏమిటి

ఒకరికి వైరస్ సోకినట్టు తేలితే, అంతకు ముందు కొద్దిరోజుల్లో ఎవరెవరిని కలిశారని ఆరోగ్య సిబ్బంది అడిగి జాబితా రాసుకుంటారు. ఇంట్లోవాళ్లు, ఆఫీసులోవాళ్లు ఆ జాబితాలోకి వస్తారు. బస్సులో పక్క సీట్లో ఇరవై నిమిషాలు కూర్చున్న మనిషి రాడు, ఎందుకంటే అతని పేరు రోగికి తెలియదు. తెలియని ఆ మనిషికి కబురు అందించడమే యాప్ పని.

ఈ పనికి మొదట తట్టే దారి జీపీఎస్. ప్రతి ఫోనూ ఎప్పుడెక్కడ ఉందో ఒకచోట నమోదైతే, రోగి తిరిగిన దారిని మిగతావారి దారులతో పోల్చి చూడవచ్చు. డీపీ-3టీ దీన్ని వదిలేసింది. వైరస్ విషయంలో లెక్కకు వచ్చే దూరం ఒకటి రెండు మీటర్లు. జీపీఎస్ ఆరుబయటే కొన్ని మీటర్ల తేడా చూపుతుంది, ఇళ్ల లోపల ఇంకా తప్పుతుంది. ఒకే భవనంలో రెండో అంతస్తులో ఉన్నవారినీ ఐదో అంతస్తులో ఉన్నవారినీ ఒకేచోట చూపించినా ఆశ్చర్యం లేదు. పైగా మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటాడో, పగలు ఎక్కడ పనిచేస్తాడో, ఏ డాక్టరు దగ్గరికి వెళతాడో ఆ నమోదు చెప్పేస్తుంది. ఇద్దరు దగ్గరగా ఉన్నారా లేదా అన్నదే కావలసినప్పుడు ఎక్కడ ఉన్నారన్న సంగతి అనవసరం. ఫోన్లు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయని చెప్పడానికి బ్లూటూత్ చాలు. ఆరోగ్య సేతు మాత్రం బ్లూటూత్‌తో పాటు జీపీఎస్‌నూ వాడింది.

సమాచారం నడిచే దారి

డీపీ-3టీ మొదటి నమూనాలో ప్రతి ఫోనూ యాదృచ్ఛికంగా ఒక రహస్య కీ తయారుచేసుకుంటుంది. మరుసటి రోజు కీ ఈ రోజు కీ నుంచి హ్యాష్ ద్వారా పుడుతుంది. పాలు తోడు పెడితే పెరుగవుతుంది గానీ పెరుగును మళ్లీ పాలు చేయలేం. హ్యాష్ కూడా అలా ఒకవైపే నడుస్తుంది. ఈ రోజు కీ తెలిసినవారు రేపటి కీని, ఎల్లుండి కీని లెక్కగట్టగలరు. నిన్నటి కీని మాత్రం తెలుసుకోలేరు.

ఆ రోజు కీ నుంచి ఫోను ఆ రోజుకు సరిపడా తాత్కాలిక గుర్తులను తయారుచేస్తుంది. ఒక్కో గుర్తు 16 బైట్లు. పదిహేను నిమిషాలకొకటి చొప్పున వాడితే రోజుకు 96 కావాలి. పత్రంలోని సూత్రం క్లుప్తంగా ఇది:

```
SK_t = H(SK_(t-1))
EphID_1 || ... || EphID_n = PRG(PRF(SK_t, "broadcast key"))
```

మొదటి వరుస రోజు కీ ఎలా పుడుతుందో చెబుతుంది. రెండో వరుస ఆ కీ నుంచి పొడవైన బైట్ల దండను తయారుచేసి, దాన్ని ముక్కలుగా కోసి ఒక్కో ముక్కను ఒక గుర్తుగా వాడాలని చెబుతుంది. కీ చేతిలో లేనివారికి ఆ ముక్కలు ఏ పొంతనా లేని అంకెల్లా కనిపిస్తాయి. రెండు గుర్తులు ఒకే ఫోనువా కాదా అని కూడా చెప్పలేరు. ఫోను వీటిని పుట్టిన వరుసలో కాకుండా కలగాపులగం చేసి వాడుతుంది. రేపు కీ బయటపడినా ఏ గుర్తు ఏ గంటకు వాడిందో వరుసను బట్టి చెప్పలేకుండా ఉండటానికే ఈ జాగ్రత్త.

ఒక సందర్భాన్ని తీసుకుందాం. లోజాన్ నగరంలో ఒక బస్సులో ఇద్దరు అపరిచితులు పక్కపక్కన ఇరవై నిమిషాలు ప్రయాణించారు. ఇద్దరి ఫోన్లూ తమ గుర్తును బ్లూటూత్‌లో మళ్లీమళ్లీ పలుకుతుంటాయి, పక్క ఫోను పలికింది వింటుంటాయి. వినపడిన గుర్తు, సిగ్నల్ ఎంత బలంగా అందింది, ఆ రోజు తేదీ అన్నవే ఫోనులో నమోదవుతాయి. గంట, నిమిషం, చోటు రాసుకోరు. ఈ దశలో సర్వర్‌కు ఏమీ వెళ్లదు.

నాలుగు రోజుల తర్వాత వాళ్లలో ఒకరికి పరీక్షలో వైరస్ ఉన్నట్టు తేలింది. ఆరోగ్య శాఖ ఆ రోగికి ఒక అనుమతి కోడ్ ఇస్తుంది. ఇది లేకపోతే ఆకతాయి ఎవరైనా తనకు జబ్బు వచ్చిందని నొక్కి ఊరంతటినీ బెదరగొట్టవచ్చు. రోగి ఒప్పుకుని కోడ్ వేస్తే, అతని నుంచి వైరస్ ఇతరులకు సోకగలిగిన మొదటి రోజు కీ ఒక్కటీ, ఆ రోజు తేదీతో సహా, సర్వర్‌కు చేరుతుంది. హ్యాష్ ఒకవైపే నడుస్తుంది కాబట్టి అంతకుముందు రోజుల గుర్తులు ఎవరికీ తెలియవు. పంపిన వెంటనే ఫోను పాత కీని చెరిపి కొత్తది పుట్టిస్తుంది కాబట్టి ఇకపై పలికేవీ తెలియవు.

సర్వర్ ఆ కీలను పోగుచేసి ఒక నోటీసు బోర్డులా అందరికీ అందుబాటులో ఉంచుతుంది. ప్రతి ఫోనూ వాటిని దించుకుని, ఒక్కో కీ నుంచి గుర్తులను తానే తిరిగి తయారుచేసి, తాను విన్నవాటితో పోల్చుకుంటుంది. బస్సులో పక్కన కూర్చున్న ప్రయాణికుడి ఫోనులో రెండు మూడు గుర్తులు సరిపోలతాయి. సిగ్నల్ బలాన్ని, ఎంతసేపు వినపడిందన్నదాన్ని లెక్కవేసి, ప్రమాదం ఉందనిపిస్తే ఆ ఫోనే తన యజమానిని హెచ్చరిస్తుంది. పోలిక జరిగేదీ ఫలితం తేలేదీ ఆ ఫోనులోనే. కబురు ఎవరికి అందిందో సర్వర్‌కు తెలియదు.

వదిలేసిన పెద్ద దారి

అప్పటికే నడుస్తున్న వ్యవస్థల్లో సమాచారం దీనికి ఎదురు దిక్కులో ప్రవహించేది. 2020 మార్చిలో సింగపూర్ విడుదల చేసిన ట్రేస్ టుగెదర్‌లో తాత్కాలిక గుర్తులను సర్వరే తయారుచేసి ఫోన్లకు ఇస్తుంది. గుర్తు లోపల వినియోగదారుడి నంబరు తాళం వేసి ఉంటుంది, ఆ తాళంచెవి సర్వర్ దగ్గరే ఉంటుంది. రోగి తన ఫోను విన్న గుర్తులన్నిటినీ పంపుతాడు. ఆరోగ్య శాఖ వాటిని విప్పి, ఎవరెవరో తెలుసుకుని, వాళ్లకు ఫోన్ చేస్తుంది. ఫ్రాన్స్, జర్మనీ పరిశోధన సంస్థలు 2020 ఏప్రిల్‌లో ప్రతిపాదించిన రాబర్ట్ అనే పద్ధతిలో వివరాలు వేరైనా గుర్తులిచ్చేది సర్వరే, రోగి పంపేది విన్నవే.

మొత్తం నిర్మాణంలో కీలకమైన మలుపు ఇక్కడే ఉంది. రోగి తాను విన్నవి పంపితే సర్వర్ దగ్గర చేరేది ఇతరుల సమాచారం. ఆ ఇతరులు ఎవరూ దానికి ఒప్పుకోలేదు, వాళ్లకు జబ్బూ లేదు. ఒక్కో రోగి జాబితా చేరేకొద్దీ ఎవరు ఎవరిని కలుస్తున్నారో చూపించే పటం అక్కడ తయారవుతుంది. రోగి తాను పలికినవి పంపితే సర్వర్ దగ్గర చేరేది ఆ రోగి సొంత కీ మాత్రమే. దాన్ని బట్టి అతను ఎవరిని కలిశాడో తెలియదు.

కేంద్రీకృత పద్ధతికి అనుకూలమైన వాదనలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. ఫలానావారికి హెచ్చరిక అందిందని తెలిస్తే ఆరోగ్య సిబ్బంది ఫోన్ చేసి యోగక్షేమాలు అడగగలరు, పరీక్షకు పిలవగలరు. ఎన్ని నిమిషాల సాన్నిహిత్యానికి ఎంతమందికి సోకుతోందో లెక్కగట్టి హెచ్చరిక హద్దులను సరిదిద్దుకోగలరు. డీపీ-3టీలో ఈ రెండూ నేరుగా కుదరవు. హెచ్చరిక చూసిన మనిషి తానే ఫోన్ చేస్తేనే ఆరోగ్య శాఖకు తెలుస్తుంది. ఎవరైనా ఇష్టపడి తమ వివరాలను పరిశోధకులకు ఇవ్వవచ్చని పత్రం ఒక దారి చూపింది గానీ, అది ఇష్టపడినవారికే పరిమితం.

ఇంత పోగొట్టుకోవడానికి డీపీ-3టీ సిద్ధపడిన కారణం ఒక్కటే. ఒకసారి పోగుపడిన సమాచారం మొదట అనుకున్న పనికే పరిమితమవుతుందన్న హామీ ఇవ్వలేం. అది ఉత్త ఊహ కాదని తర్వాత తేలింది. ట్రేస్ టుగెదర్ సమాచారాన్ని నేర విచారణలో పోలీసులు తీసుకోవచ్చని 2021 జనవరిలో సింగపూర్ ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. విమర్శలు రావడంతో ఆ మరుసటి నెలలో ఆ అధికారాన్ని కొన్ని తీవ్ర నేరాలకు పరిమితం చేస్తూ చట్టం చేశారు. వాడుక మీద హద్దు చట్టంతో పెడితే చట్టంతోనే మార్చవచ్చు. సర్వర్‌కు చేరని సమాచారాన్ని ఏ ఉత్తర్వుతోనూ అక్కడి నుంచి రప్పించలేరు.

తన నమూనాకు తానే పెట్టిన పోటీ

పెద్ద దారిని వదిలేశాక పత్రం అక్కడితో ఆగలేదు. తన మొదటి నమూనాలోని లోపాన్ని తానే చూపించి రెండో నమూనాను పక్కన పెట్టింది.

లోపం ఇది. ఒక దుకాణాల సంస్థ ఊళ్లోని తన ఐదు దుకాణాల గుమ్మాల దగ్గర బ్లూటూత్ వినే పరికరాలు పెట్టిందనుకుందాం. మామూలు రోజుల్లో వాటికి వినపడే గుర్తులకు ఒకదానితో ఒకదానికి సంబంధం కనిపించదు. కానీ ఒక రోగి కీ బయటికి రాగానే, ఆ కీ నుంచి పుట్టిన గుర్తులన్నీ ఒకే ఫోనువని తేలిపోతుంది. సోమవారం మొదటి దుకాణంలో, బుధవారం మూడో దుకాణంలో, శుక్రవారం ఐదో దుకాణంలో కనిపించింది ఒకే మనిషని తెలుస్తుంది. వాటిలో ఒక్కచోట కార్డుతో బిల్లు కట్టి ఉన్నా మొత్తం తిరుగుడుకు పేరు అతుక్కుంటుంది.

రెండో నమూనాలో రోజు కీ ఉండదు. ప్రతి పదిహేను నిమిషాల గుర్తూ విడిగా ఒక యాదృచ్ఛిక విత్తనం నుంచి పుడుతుంది. రోగి ఆ విత్తనాలను పంపుతాడు. సర్వర్ వాటిని ఉన్నవి ఉన్నట్టు బయటపెట్టకుండా, కుక్కూ ఫిల్టర్ అనే ఒక కుదించిన పట్టికలోకి ఎక్కించి ఫోన్లకు ఇస్తుంది. తన దగ్గరున్న ఫలానా గుర్తు పట్టికలో ఉందా లేదా అని ఫోను అడిగి తెలుసుకోగలదు. పట్టికలో ఏవేవి ఒకే రోగివో మాత్రం తెలియదు. గుమ్మాల దగ్గరి పరికరాలకు ఇక ఆ దండ దొరకదు. పైగా ఫలానా పదిహేను నిమిషాలను పంపనని రోగి పక్కన పెట్టుకోవచ్చు.

ఖర్చు డౌన్‌లోడ్‌లో తేలుతుంది. ఒక దేశంలో రోజుకు 10,000 మంది కొత్త రోగులు కీలు పంపుతున్నారనుకుందాం. మొదటి నమూనాలో ఒక్కొక్కరిది 32 బైట్ల కీ, మొత్తం సుమారు 320 కేబీ. ఒక ఫొటోకు మించదు. రెండో నమూనాలో ఒక్కో రోగికి 14 రోజులకు, రోజుకు 96 చొప్పున 1,344 గుర్తులు. అంటే మొత్తం 1.34 కోట్లు. వాటిని 16 బైట్ల చొప్పున పంపితే 215 ఎంబీ అవుతుంది. ఫిల్టర్‌లో కుదించినా పదుల ఎంబీలు ఉంటుంది. ప్రతి ఫోనూ ప్రతి రోజూ అంత దించుకోవాలంటే డేటా ప్యాక్ తక్కువగా ఉన్నవారు యాప్‌ను తీసేస్తారు. చాలామంది వాడితే తప్ప ఈ వ్యవస్థ పనికిరాదు కాబట్టి ఇది చిన్న ఇబ్బంది కాదు.

ఈ రెండింటి మధ్య పత్రం మూడోదీ చూపింది. అందులో ఒక విత్తనం పదిహేను నిమిషాలకు కాకుండా కొన్ని గంటలకో ఒక రోజుకో సరిపోతుంది. కాలవ్యవధి పెంచితే డౌన్‌లోడ్ తగ్గుతుంది, తగ్గిస్తే రోగి అడుగుజాడలు ముక్కలవుతాయి. ఎక్కడ ఆపాలన్నది దేశాన్ని బట్టి, రోగుల సంఖ్యను బట్టి తేల్చుకోవాలి.

మిగిలిపోయే లోపాలు

ఏ నమూనా ఎంచుకున్నా తీరని లోపాలను కూడా పత్రం రాసిపెట్టింది. పద్నాలుగు రోజుల్లో ఒకే ఒక్క మనిషిని కలిసిన ముసలావిడకు హెచ్చరిక వస్తే, రోగి ఎవరో ఆమెకు వెంటనే తెలిసిపోతుంది. ఏ గూఢలిపీ దీన్ని ఆపలేదు. హెచ్చరికలోనే ఆ సమాచారం ఉంది. యాప్‌ను మార్చి, విన్న ప్రతి గుర్తుకూ గంట, నిమిషం రాసుకునేవారు కూడా రోగి ఎవరో పోల్చుకోగలరు.

ఇంకొన్ని ప్రమాదాలు అమలులో జాగ్రత్త పడితే తగ్గుతాయి. బ్లూటూత్ పరికరం గుర్తుతో పాటు తన సొంత చిరునామానూ ప్రసారం చేస్తుంది. గుర్తు మారి చిరునామా మారకపోయినా, రెండూ వేర్వేరు సమయాల్లో మారినా, పాత గుర్తును కొత్త గుర్తుతో కలిపేయవచ్చు. అందుకని రెండూ ఒకేసారి మారాలి. రోగులు మాత్రమే సర్వర్‌కు ఏదైనా పంపుతుంటే, వైఫై గమనిస్తున్నవారు ఎవరికి జబ్బో ఇట్టే కనిపెడతారు. దానికి విరుగుడుగా జబ్బు లేని ఫోన్లు కూడా అప్పుడప్పుడు ఉత్తుత్తి సమాచారం పంపాలి. ఆసుపత్రి దగ్గర విన్న గుర్తులను ఎవరైనా రికార్డు చేసి సంతలో తిరిగి పలికిస్తే జనానికి లేనిపోని హెచ్చరికలు అందుతాయి. ఒక్కో గుర్తు ఒక్కో వేళకే చెల్లేలా చేస్తే ఆలస్యంగా వినిపించిన రికార్డు పనికిరాదు, అప్పటికప్పుడు మోసుకొచ్చి వినిపిస్తే మాత్రం ఆపలేం.

సిగ్నల్ సంగతి సరేసరి. జేబులోని ఫోనుకు మనిషి ఒళ్లే అడ్డు. లోహపు గోడలున్న బస్సులో తరంగాలు అటూ ఇటూ తగిలి దూరం లెక్క తప్పుతుంది. గోడ అవతల పడుకున్న పొరుగింటివారు పక్కనే ఉన్నట్టు లెక్కకు వస్తారు. కేంద్రీకృత పద్ధతిలోనూ ఈ తప్పులు ఇలాగే ఉంటాయి.

పత్రం తర్వాత

2020 ఏప్రిల్ 10న ఆపిల్, గూగుల్ కలిసి ఇదే పనిని ఫోను ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే చేసే ఏర్పాటును ప్రకటించాయి. దాని తుది రూపంలో ఫోను రోజుకొక 16 బైట్ల కీని విడిగా పుట్టిస్తుంది, రోగి 14 రోజుల కీలను పంపుతాడు. డీపీ-3టీ మూడో నమూనాలో వ్యవధిని ఒక రోజుగా పెట్టుకున్నట్టే ఇది. పై లెక్కలో 10,000 మంది రోగులకు కీలు 2.24 ఎంబీ అవుతాయి. ఒకే రోజులోని అడుగుజాడలు కలుస్తాయి, రోజుకూ రోజుకూ మధ్య సంబంధం తెగిపోతుంది.

దీంతో కేంద్రీకృత పద్ధతికి పత్రం వేసిన లెక్కల్లో లేని చిక్కు ఎదురైంది. ఐఫోన్‌లో మామూలు యాప్ తెరవెనుక ఉన్నప్పుడు బ్లూటూత్‌ను స్వేచ్ఛగా వాడుకోలేదు. ఆపిల్, గూగుల్ ఏర్పాటుకు ఆ అడ్డు లేదు గానీ, అది వికేంద్రీకృత పద్ధతికే పనిచేస్తుంది. బ్రిటన్ సొంతంగా చేయించిన కేంద్రీకృత యాప్‌ను వైట్ దీవిలో పరీక్షిస్తే, దగ్గర్లోని ఆండ్రాయిడ్ ఫోన్లలో 75 శాతాన్ని, ఐఫోన్లలో 4 శాతాన్నే గుర్తించిందని ప్రభుత్వం చెప్పింది. జూన్ 18న ఆ యాప్‌ను పక్కనపెట్టి ఆపిల్, గూగుల్ ఏర్పాటు వైపు మళ్లింది. జర్మనీ అంతకుముందు ఏప్రిల్ నెలలోనే వికేంద్రీకృత పద్ధతికి మారింది. ఫ్రాన్స్ మాత్రం తన కేంద్రీకృత యాప్‌నే నడిపింది.

స్విట్జర్లాండ్ యాప్ స్విస్‌కోవిడ్ 2020 జూన్ 25న దేశమంతటా అందుబాటులోకి వచ్చింది. వ్యవస్థ తనంతట తాను మూతపడగలగాలన్నది కూడా డీపీ-3టీ పత్రం మొదట్లో పెట్టుకున్న షరతుల్లో ఒకటి. రోగులు కీలు పంపడం మానితే సర్వర్‌లో కొత్తది చేరదు, పాతవి పద్నాలుగు రోజులకు చెరిగిపోతాయి, ఫోనులో విన్నవీ అలాగే పోతాయి. ప్రత్యేకంగా ధ్వంసం చేయాల్సిన జాబితా ఏదీ మిగలదు. 2022 ఏప్రిల్ 1న స్విస్‌కోవిడ్‌ను ఆపేశారు.